చిరునామాలు రెండు, రాష్ట్రాలు రెండు: ఇన్‌వాయిస్‌లో ఏ పన్ను వేయాలి?

నాగావళి నేత (శ్రీకాకుళం)
సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో మా ఇంట్లోని ముందు గదిలో ఉండి నేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. సొంత వెబ్‌సైటు ఉంది. చీర ఫోటో తీయడం దగ్గర నుంచి పార్సిల్ కట్టి కొరియర్ కుర్రాడి చేతికి ఇవ్వడం దాకా అన్నీ నేనే చూసుకుంటాను. వేరే రాష్ట్రాలకు కూడా పంపాలన్న ఉద్దేశంతో మొదట్లోనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకున్నాను. రిటర్ను మూడు నెలలకు ఒకసారి వేస్తాను.

ఈరోజు ఒక ఆర్డరు దగ్గర ఆగిపోయాను. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి, చీపురుపల్లిలో ఉన్న వాళ్ల అమ్మగారికి పుట్టినరోజు కానుకగా చీర పంపమని డబ్బు కట్టింది. పన్నుతో కలిపి చీర ధర 2,520 రూపాయలు, షిప్పింగ్ ఛార్జీ 105 రూపాయలు, మొత్తం 2,625. బిల్లింగ్ చిరునామా బెంగళూరు, డెలివరీ చిరునామా చీపురుపల్లి. నా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బెంగళూరు చిరునామాను చూసి, వేరే రాష్ట్రానికి చేసే అమ్మకాల మీద పడే ఐజీఎస్టీ 125 రూపాయలు వేసేసింది. ఇన్‌వాయిస్ కవరులో పెట్టి, దాని పక్కన షిప్పింగ్ లేబుల్ అతికించబోతుంటే విషయం కంటపడింది. ఇన్‌వాయిస్ మీద కర్ణాటక అని ఉంది, లేబుల్ మీద విజయనగరం జిల్లా అని ఉంది. పార్సిల్ శ్రీకాకుళంలో బయలుదేరి చీపురుపల్లిలో ఆగుతుంది, ఆంధ్ర దాటి ఎక్కడికీ పోదు. మరి ఐజీఎస్టీ ఎలా అవుతుంది? రాష్ట్రం లోపలి అమ్మకాలకు పడే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేయాలా?

ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. పాత బిల్లులు తిరగేసి చూస్తే గత త్రైమాసికంలో ఇలాంటివే మూడు ఉన్నాయి, వాటికి రిటర్ను కూడా వేసేశాను. రెండోది, ఇది కానుక కాబట్టి ధర కనిపించే బిల్లు పార్సిల్‌లో పెట్టవద్దని ఆ అమ్మాయి కోరింది. పెట్టకుండా పంపవచ్చా? పార్సిల్ ఇంకా నా దగ్గరే ఉంది, రేపు మధ్యాహ్నం కొరియర్ వస్తుంది.

---

మూడులాంతర్లు (విజయనగరం)
సోమవారం, రాత్రి 10.15

ముందుగా ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో వస్తువులు అమ్మేవారికి ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాటే వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు. మీరు ఇంటి నుంచి ఒక్కరే చేస్తున్న వ్యాపారం అంత దాటి ఉండదనుకుంటాను. అనవసరంగా ఈ బరువు నెత్తికెత్తుకున్నారేమో ఒకసారి ఆలోచించండి.

ఇక మీ ప్రశ్నకు వస్తే, సాఫ్ట్‌వేర్ చేసిందే సరైనది. బిల్లు ఎవరి పేర రాస్తామో వారి రాష్ట్రమే లెక్క. సరుకు ఎక్కడ దించామన్నది కాదు, కొన్నది ఎవరన్నదే చూడాలి. మా షాపులో మొబైల్ విడిభాగాలను హోల్‌సేల్‌గా ఇచ్చేటప్పుడు కొన్నేళ్లుగా ఇదే పద్ధతి పాటిస్తున్నాం, ఏనాడూ ఇబ్బంది రాలేదు. బరంపురంలోని దుకాణదారు ఒకరు సరుకును నేరుగా పార్వతీపురంలోని తన ఖాతాదారుకు పంపమంటారు. మేము బరంపురం పేరనే బిల్లు చేసి ఐజీఎస్టీ వేస్తాం. మీ బెంగళూరు అమ్మాయి విషయం కూడా అటువంటిదే.

---

జమాఖర్చు (రాజాం)
మంగళవారం, ఉదయం 6.20

మూడులాంతర్లు గారు చెప్పిన బరంపురం ఉదాహరణ సరైనదే. కానీ అది ఈ అమ్మాయికి వర్తించదు. ఎందుకు వర్తించదో తెలిస్తే మిగతా చిక్కు అదే విడిపోతుంది.

బరంపురం దుకాణదారుకు ఒడిశా జీఎస్టీ నంబరు ఉంది. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి ఒకరు తన తరఫున సరుకును వేరొకరికి పంపమని చెప్పినప్పుడు, ఆ సరుకు ముందు తనకే అందినట్టు చట్టం భావిస్తుంది. అందుచేత ఆయన వ్యాపార స్థలం ఉన్న రాష్ట్రమే, అంటే ఒడిశాయే పన్ను లెక్కకు సరఫరా స్థలం అవుతుంది. సరుకు విజయనగరం నుంచి పార్వతీపురానికే వెళ్లినా ఐజీఎస్టీ వేయాల్సిందే. ఐజీఎస్టీ చట్టంలోని 10వ సెక్షన్‌లో ఆ నియమం మొదటి నుంచీ ఉంది.

బెంగళూరు అమ్మాయికి జీఎస్టీ నంబరు లేదు, ఆమె మామూలు కొనుగోలుదారు. అలాంటివారి కోసం 2023 అక్టోబరు 1 నుంచి అదే సెక్షన్‌లో కొత్త క్లాజు ఒకటి అమల్లోకి వచ్చింది. రిజిస్ట్రేషన్ లేనివారికి అమ్మినప్పుడు ఇన్‌వాయిస్‌లో నమోదైన వారి చిరునామాయే సరఫరా స్థలమని, చిరునామా అసలు రాయకపోతే అమ్మినవారి స్థలమే సరఫరా స్థలమని అది చెబుతుంది. పూర్తి చిరునామా లేకపోయినా రాష్ట్రం పేరు రాస్తే చాలు. ఇక్కడే అందరికీ మీకు వచ్చిన సందేహమే వచ్చింది. ఇన్‌వాయిస్‌లో రెండు చిరునామాలు ఉంటే ఏది తీసుకోవాలి? దానికి 2024 జూన్ 26న వచ్చిన 209వ సర్క్యులర్ జవాబు ఇచ్చింది. బిల్లింగ్ చిరునామా, డెలివరీ చిరునామా వేరుగా ఉన్నప్పుడు డెలివరీ చిరునామానే సరఫరా స్థలంగా తీసుకోవాలి. అమ్మేవారు ఇన్‌వాయిస్‌లో డెలివరీ చిరునామానే గ్రహీత చిరునామాగా రాసుకోవచ్చు.

కాబట్టి అమ్మా, మీ బిల్లులో సరఫరా స్థలం 37, ఆంధ్రప్రదేశ్. 2,625లో నుంచి పన్ను విడదీస్తే అసలు విలువ 2,500. సీజీఎస్టీ 62.50, ఎస్‌జీఎస్టీ 62.50. ఆ అమ్మాయి కట్టిన మొత్తంలో పైసా తేడా ఉండదు. తేడా వచ్చేది ఆ పన్ను ఏ ఖాతాలోకి వెళ్తుందన్న దగ్గరే. ఐజీఎస్టీ అని రాస్తే అందులో రాష్ట్ర వాటా కర్ణాటకకు పోతుంది. చీర కట్టుకునేది చీపురుపల్లిలో కాబట్టి ఆ వాటా మన రాష్ట్రానికే రావాలి.

పార్సిల్ ఇంకా బయటకు పోలేదు, ఈ బిల్లు రిటర్నులోకి ఎక్కలేదు. అందుచేత ఆ ఇన్‌వాయిస్‌ను రద్దు చేసి, తర్వాతి నంబరుతో కొత్తది చేయండి. రద్దయిన నంబరును మాత్రం మరొక బిల్లుకు వాడకండి. అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1లో 13వ టేబుల్‌లో మొదటి నంబరు, చివరి నంబరు, రద్దయినవి ఎన్ని అని అడుగుతారు, అక్కడ ఒకటి రద్దయినట్టు చూపించండి.

రిజిస్ట్రేషన్ గురించి కూడా ఒక మాట. 40 లక్షల పరిమితి నిజమే. కానీ అది రాష్ట్రం లోపలే వస్తువులు అమ్ముకునేవారికి. సరుకు ఒక్కసారి ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి అమ్మకంగా వెళ్లిందంటే టర్నోవరు వెయ్యి రూపాయలైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఈవిడ మొదట్లోనే తీసుకోవడం మంచి పని.

---

పలాస పప్పు (పలాస)
మంగళవారం, ఉదయం 8.05

నేను జీడిపప్పు పావుకిలో, అరకిలో ప్యాకెట్లుగా పంపుతాను. జమాఖర్చు గారు మొత్తం 2,625 మీదా 5 శాతం లెక్క కట్టారు. అందులో 105 రూపాయలు షిప్పింగ్ కదా. కొరియర్ సంస్థ మనకిచ్చే బిల్లులో జీఎస్టీ 18 శాతం ఉంటుంది. కాబట్టి షిప్పింగ్‌ను ఇన్‌వాయిస్‌లో వేరే వరసలో రాసి 18 శాతం వేయడమే న్యాయమని నేను అలాగే చేస్తున్నాను. ఖాతాదారు అడిగితే కొరియర్ బిల్లు చూపించడానికి కూడా వీలుగా ఉంటుంది.

---

జమాఖర్చు (రాజాం)
మంగళవారం, ఉదయం 8.50

పలాస పప్పు గారూ, ఇక్కడ రెండు లావాదేవీలు కలిసిపోతున్నాయి. కొరియర్ సంస్థ మీకు రవాణా సేవను అమ్మింది, దాని మీద 18 శాతం. అది వాళ్లకూ మీకూ మధ్య లెక్క. మీరు ఖాతాదారుకు అమ్ముతున్నది రవాణాను కాదు, ఇంటికి చేర్చిన జీడిపప్పును. ఆ పప్పును చేర్చడానికి మీరు వసూలు చేసే ప్యాకింగ్, రవాణా ఖర్చులన్నీ సరుకు విలువలో భాగమేనని సీజీఎస్టీ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. ప్రధాన సరుకుకు ఏ రేటు ఉంటే షిప్పింగ్‌కూ అదే రేటు. జీడిపప్పు 5 శాతమైతే షిప్పింగూ 5 శాతమే. మీరు వేరే వరసలో రాయవచ్చు, కానీ ఆ వరసకు కూడా 5 శాతమే వేయాలి.

కొరియర్‌కు కట్టిన 18 శాతం ఎక్కడికీ పోదు. పార్సిల్ బుక్ చేసే ఖాతాలో మీ జీఎస్టీ నంబరు నమోదు చేసి ఉంటే ఆ బిల్లు మీ జీఎస్‌టీఆర్-2బీలో కనిపిస్తుంది, దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. చాలామంది ఇంటి వ్యాపారులు వ్యక్తిగత ఖాతాతో బుక్ చేసి ఈ క్రెడిట్‌ను ఏడాది పొడుగునా వదిలేస్తున్నారు. ఖాతాదారు మీద 13 శాతం అదనంగా వేసే బదులు ముందు ఆ ఖాతాను సరిచేసుకోండి.

---

బొబ్బిలి బొమ్మరిల్లు (బొబ్బిలి)
మంగళవారం, మధ్యాహ్నం 12.30

నేను చిన్న సైజు చెక్క వీణలు, షోకేసులో పెట్టుకునేవి అమ్ముతాను. రిజిస్ట్రేషన్ లేదు. మీ చర్చ చదివాక భయం పట్టుకుంది. లేబుల్ మీద వేరే రాష్ట్రం పేరు రాస్తేనే రిజిస్ట్రేషన్ అవసరమని అర్థమైంది. నేను చెన్నైకి, హైదరాబాదుకు నెలకు పది పన్నెండు పంపుతాను. లేబుల్ మీద రాష్ట్రం పేరు రాయకుండా పిన్ కోడు మాత్రమే రాస్తే సరిపోతుందా? మా దగ్గర తయారైనవన్నీ చేత్తో చేసినవే, లక్క పని కూడా చేత్తోనే.

---

జమాఖర్చు (రాజాం)
మంగళవారం, మధ్యాహ్నం 1.10

అమ్మా, రిజిస్ట్రేషన్ అవసరమా కాదా అన్నది లేబుల్ మీద రాసేదాన్ని బట్టి కాదు, సరుకు ఎక్కడికి వెళ్తుందన్నదాన్ని బట్టి. రాష్ట్రం పేరు తీసేసినా చెన్నై చెన్నైయే. దయచేసి ఆ పని చేయకండి. అసంపూర్ణ చిరునామాతో పార్సిల్ తిరిగి రావడమే మిగులుతుంది.

మీకు ఊరట కలిగించే విషయం ఒకటి ఉంది. హస్తకళా వస్తువుల కోసం ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు. నోటిఫికేషన్‌లో పేర్కొన్న హస్తకళా వస్తువులను ప్రధానంగా చేత్తో తయారు చేసి ఇతర రాష్ట్రాలకు అమ్మేవారు, ఏడాది మొత్తం టర్నోవరు 20 లక్షలు దాటనంతవరకు రిజిస్ట్రేషన్ తీసుకోనక్కరలేదు. అయితే పాన్ ఉండాలి. ఈ-వే బిల్లు కూడా తీయాలి. మామూలు వ్యాపారికి సరుకు విలువ 50 వేలు దాటితేనే ఈ-వే బిల్లు అడుగుతారు. ఈ మినహాయింపు వాడుకుంటూ హస్తకళా వస్తువును వేరే రాష్ట్రానికి పంపేవారికి మాత్రం విలువతో సంబంధం లేదు, 400 రూపాయల బొమ్మకైనా తీయాల్సిందే. ఈ షరతు చాలామందికి తెలియదు. మీ వీణ ఆ జాబితాలో ఏ పేరు కింద వస్తుందో వస్తువు చూడకుండా నేను చెప్పలేను. మీ ఊళ్లో లెక్కలు చూసేవారికి ఒక వీణ, దాని బిల్లు తీసుకెళ్లి చూపించండి.

---

బొబ్బిలి బొమ్మరిల్లు (బొబ్బిలి)
మంగళవారం, మధ్యాహ్నం 1.45

నెలకు పన్నెండు ఈ-వే బిల్లులు తీసే బదులు రిజిస్ట్రేషన్ తీసుకోవడమే తేలికేమో అనిపిస్తోంది. రెండూ బేరీజు వేసి వేరే చర్చ మొదలుపెడతాను. నాగావళి నేత గారి ప్రశ్న మధ్యలో నాది తెచ్చినందుకు మన్నించండి.

---

పలాస పప్పు (పలాస)
మంగళవారం, సాయంత్రం 4.20

షిప్పింగ్ మీద 18 శాతం సంగతి మా అకౌంటెంటును అడిగాను, ఆయన కూడా జమాఖర్చు గారి మాటే చెప్పారు. ఈ నెల నుంచి మార్చుకుంటాను.

డెలివరీ చిరునామా మాట వచ్చింది కాబట్టి నాకు జరిగింది ఒకటి చెప్పాలి. నా ఎక్సెల్ షీటులో పిన్ కోడు మొదటి మూడు అంకెలను బట్టి రాష్ట్రం దానంతట అదే పడేలా పెట్టుకున్నాను. 532 అంటే శ్రీకాకుళం, 535 అంటే విజయనగరం, 533 అంటే తూర్పు గోదావరి వైపు, అన్నీ ఆంధ్రే అని రాసుకున్నాను. యానాం నుంచి ఆర్డరు వచ్చింది, పిన్ కోడు 533464. షీటు ఆంధ్ర అని చూపించింది, నేను సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసి పంపేశాను. యానాం చుట్టూ ఉన్నది మన రాష్ట్రమే అయినా ఆ ఊరు పుదుచ్చేరిది. రాష్ట్ర కోడు 34, వేయాల్సింది ఐజీఎస్టీ. తపాలా శాఖ పిన్ కోడును ఉత్తరాలు చేరే దారిని బట్టి ఇచ్చింది, రాష్ట్ర సరిహద్దును బట్టి ఇవ్వలేదు. అందుచేత రాష్ట్రాన్ని పిన్ కోడు నుంచి తీయకండి. ఆర్డరు పేజీలో ఖాతాదారు చేతే డెలివరీ రాష్ట్రాన్ని జాబితా నుంచి ఎంచుకునేలా పెట్టండి.

లేబుల్ గురించి మరొకటి. నాకు థర్మల్ ప్రింటరు లేదు, మామూలు ఏ4 కాగితం మీదే తీస్తాను. ఒక నెలలో నాలుగు పార్సిళ్లు చేరాల్సిన ఊరు చేరకుండా తిరిగి వచ్చాయి. బార్‌కోడు స్కాన్ కాలేదని కొరియర్ వారు చెప్పారు. వాళ్ల స్కానర్లే పాడై ఉంటాయనుకున్నాను. తీరా పాత లేబుల్‌నూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిస్తే, 100 మిల్లీమీటర్లు ఉండాల్సిన వెడల్పు 91 మాత్రమే ఉంది. ప్రింట్ సెట్టింగుల్లో `Fit to page` ఎంచి ఉండడంతో లేబుల్ మొత్తం కుదించుకుపోయి బార్‌కోడు గీతలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. `Actual size` పెట్టాక ఒక్కటీ తిరిగి రాలేదు. ఇప్పుడు పార్సిల్ కట్టే ముందు ఒక లేబుల్‌ను స్కేలుతో కొలిచి చూసుకుంటాను. బార్‌కోడు పెట్టె అంచు మీద మడత పడకూడదు, దాని మీద మెరిసే టేపు కూడా అంటించకూడదు.

---

మూడులాంతర్లు (విజయనగరం)
మంగళవారం, రాత్రి 8.30

జమాఖర్చు గారు చెప్పిన సర్క్యులర్ చదివాను. మా హోల్‌సేల్ లెక్క మాకు సరైనదే కానీ చిల్లర ఖాతాదారులకు అది వర్తించదని ఒప్పుకుంటున్నాను. 40 లక్షల విషయంలోనూ సగమే చెప్పాను, ఆ సవరణ గమనించగలరు.

కానుక పార్సిల్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను చేసేది చెబుతాను. వస్తువుల ఇన్‌వాయిస్ మూడు ప్రతులు తీయాలి: కొన్నవారికి అసలు ప్రతి, రవాణా చేసేవారికి రెండోది, మనకు మూడోది. ఈ-వే బిల్లు అవసరం లేని సరుకు వెంట కూడా ఇన్‌వాయిస్ ప్రతి ఉండాలని 55ఏ రూలు చెబుతోంది. కాబట్టి బిల్లు లేకుండా పంపడం కుదరదు. రవాణా ప్రతిని మడిచి, ఏమీ కనిపించని కవరులో పెట్టి పార్సిల్ బయట అంటించండి. పెట్టె లోపల ధర లేని చిన్న కార్డు పెట్టండి. అసలు ప్రతిని ఆ అమ్మాయికి ఈమెయిల్‌లో పంపండి. బయటి కవరు పుట్టినరోజు పార్సిల్ అందుకునే అమ్మగారి చేతికి కూడా వెళ్తుందని ఆ అమ్మాయికి ముందే చెప్పడం మంచిది. చాలామంది దాన్ని విప్పి చూడరు, కానీ చూడరని హామీ ఇవ్వలేం.

---

నాగావళి నేత (శ్రీకాకుళం)
మంగళవారం, రాత్రి 10.05

అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు చేసింది చెబుతాను. 0147 నంబరు ఇన్‌వాయిస్‌ను రద్దు చేసి, డెలివరీ చిరునామాతో 0148 చేశాను. సరఫరా స్థలం 37, ఆంధ్రప్రదేశ్ అని వచ్చింది, పన్ను 62.50 చొప్పున రెండు వరసల్లో పడింది. కవరు అంటించేటప్పుడు ఇంకో విషయం గమనించాను. లేబుల్ కింద రిఫరెన్సు అన్న చోట పాత నంబరు 0147 అలాగే ఉంది. ఎందుకంటే లేబుల్‌ను నిన్ననే ప్రింట్ తీశాను. పార్సిల్ మీద ఒక నంబరు, కవరులో మరో నంబరు ఉంటే దారిలో ఎవరైనా ఆపి అడిగినప్పుడు నా దగ్గర జవాబు ఉండదు. ఆ లేబుల్ రద్దు చేసి మళ్లీ తీశాను. ఇక మీదట ఇన్‌వాయిస్ ఖరారయ్యాకే లేబుల్ తీయాలని వరస మార్చుకున్నాను.

సాఫ్ట్‌వేర్‌లో బిల్లింగ్ చిరునామా బదులు డెలివరీ చిరునామాను తీసుకునే సెట్టింగు దొరికింది. దాని మీదే ఆధారపడకుండా, నెలాఖరున ఆర్డర్లన్నీ షీటులోకి దించి ఈ సూత్రంతో సరిచూస్తాను. డీ వరసలో ఖాతాదారు ఎంచుకున్న డెలివరీ రాష్ట్రం, ఎఫ్ వరసలో ఇన్‌వాయిస్ మీద పడిన పన్ను ఉంటాయి.

```
=IF(IF(D2="37-Andhra Pradesh","CGST+SGST","IGST")=F2,"","CHECK")
```

రెండు విషయాలు ఇంకా తేలలేదు. గత త్రైమాసికంలోని మూడు బిల్లులకు కలిపి తప్పుగా కట్టిన ఐజీఎస్టీ 410 రూపాయలు. దాన్ని ఎలా సరిదిద్దాలి? రెండోది, ఒకే పార్సిల్‌లో 5 శాతం చీర, 18 శాతం పడే 3,000 రూపాయల కుట్టిన కుర్తా సెట్టు కలిసి వెళ్తే షిప్పింగ్ 105 రూపాయలకు ఏ రేటు వేయాలి?

---

జమాఖర్చు (రాజాం)
బుధవారం, ఉదయం 6.35

పన్నును తప్పు ఖాతాలో కట్టినవారి కోసం సీజీఎస్టీ చట్టంలో 77వ సెక్షన్, ఐజీఎస్టీ చట్టంలో 19వ సెక్షన్ ఉన్నాయి. సరైన ఖాతాలో మళ్లీ కట్టాలి, దాని మీద వడ్డీ అడగరు. తప్పు ఖాతాలో కట్టినదాన్ని రీఫండ్ కోరాలి, దానికి సరైన ఖాతాలో కట్టిన రోజు నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. కాబట్టి మీరు సీజీఎస్టీ 205, ఎస్‌జీఎస్టీ 205 కట్టి, ఐజీఎస్టీ 410 రీఫండ్ అడగడమే చట్టం చూపించిన దారి.

రెండు రేట్ల పార్సిల్ విషయంలో నేను షిప్పింగ్‌ను సరుకుల విలువ నిష్పత్తిలో పంచి, ఏ భాగానికి ఆ రేటు వేయిస్తాను. చీర, కుర్తా విడివిడిగా ధర కట్టి అమ్మినవి కాబట్టి వాటిని ఒకే మూటగా చూడనక్కరలేదని నా అభిప్రాయం.

---

ఆడిట్ గుమాస్తా (పార్వతీపురం)
బుధవారం, ఉదయం 9.15

జమాఖర్చు గారితో రెండు చోట్లా కొంత విభేదిస్తున్నాను. వెయ్యి రూపాయల లోపు రీఫండ్ చెల్లించరని 54వ సెక్షన్‌లో ఉంది, ఆ పరిమితిని పన్ను ఖాతా వారీగా చూస్తారు. 410 రూపాయలకు దరఖాస్తు పెడితే అది అక్కడే ఆగిపోతుంది, ఈవిడ ఒకే పన్ను రెండుసార్లు కట్టినట్టవుతుంది. మా ఆఫీసులో ఇలాంటి చిన్న మొత్తాలను తర్వాతి జీఎస్‌టీఆర్-1లో 10వ టేబుల్ ద్వారా సవరిస్తాం. రిజిస్ట్రేషన్ లేనివారికి చేసిన చిల్లర అమ్మకాలు రాష్ట్రాల వారీగా మొత్తంగా చూపేవే కాబట్టి, కర్ణాటక మొత్తాన్ని తగ్గించి ఆంధ్ర మొత్తాన్ని పెంచుతాం. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోపు ఈ సవరణ చేసుకోవచ్చు.

షిప్పింగ్‌ను పంచడం మాకూ అలవాటే. కానీ ఒక అధికారి మొత్తం షిప్పింగ్‌కు ఎక్కువ రేటు వేయాలని అన్న సందర్భం మా దగ్గరకు వచ్చింది. అందుకే ఏ పద్ధతి పాటించినా ఏడాదంతా అదే పాటించి, దాన్ని రాసి పెట్టుకోమని మా ఖాతాదారులకు చెబుతాం.

---

జమాఖర్చు (రాజాం)
బుధవారం, ఉదయం 10.40

వెయ్యి రూపాయల పరిమితి సంగతి నిజమే, నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అయినా సరఫరా స్థలం తప్పినప్పుడు 77వ సెక్షన్ ఉండగా టేబుల్ సవరణతో సరిపెట్టడం సరైనదని నాకు నమ్మకం కుదరడం లేదు. రేపు ఎవరైనా పరిశీలనకు పిలిస్తే ఈవిడ చేతిలో ఏ కాగితం ఉంటుంది?

---

ఆడిట్ గుమాస్తా (పార్వతీపురం)
బుధవారం, ఉదయం 11.20

మూడు ఇన్‌వాయిస్‌లు, మూడు లేబుళ్లు, డెలివరీ అయినట్టు కొరియర్ ఇచ్చిన రుజువులు ఉంటాయి. సరుకు ఆంధ్రలోనే దిగిందని వాటికి మించి చెప్పే కాగితం మరొకటి లేదు. ఆ రుజువులు కొరియర్ వెబ్‌సైటులో ఎంతకాలం ఉంటాయో తెలియదు కాబట్టి ఈరోజే దించుకుని దాచమనండి.

---

నాగావళి నేత (శ్రీకాకుళం)
బుధవారం, రాత్రి 9.10

మూడు డెలివరీ రుజువులను దించి, ఒక్కొక్క దాన్నీ దాని ఇన్‌వాయిస్‌తో కలిపి ఒకే ఫైలుగా దాచాను. వాటిలో రెండు శ్రీకాకుళం టౌన్‌కే వెళ్లాయి, మూడోది నరసన్నపేటకు. 410 రూపాయల సవరణను ఏ దారిలో చేయాలో ఈ శనివారం మా లెక్కలు చూసే ఆయన దగ్గరకు మీ ఇద్దరి వాదనలూ తీసుకువెళ్లి అడుగుతాను. అంతవరకు చీరతో కుర్తా కలిపి ఆర్డరు వస్తే రెండు పార్సిళ్లుగా, రెండు ఇన్‌వాయిస్‌లతో పంపుతాను. షిప్పింగ్ నాకు ఎక్కువ పడుతుంది, కానీ దాన్ని ఖాతాదారు మీద వేయను.

చీపురుపల్లి పార్సిల్ ఈరోజు సాయంత్రం 5 గంటలకు చేరింది. అమ్మగారు బయటి కవరు విప్పలేదట.